ఎదురుగా ఏడు రూపాయల టీ కొట్టు పెట్టారు: ఆ ఆరు నెలలూ మా కొట్టులో జరిగింది ఇదీ

జూన్ మొదటి వారంలో మా కొట్టుకు సరిగ్గా ఎదురుగా, చాలాకాలంగా మూసి ఉన్న షట్టరు తీసి సున్నం వేస్తున్నారు. సెల్‌ఫోన్ల షాపు అని ఒకరు, మందుల షాపు అని ఒకరు చెప్పారు. రెండు పెద్ద స్టవ్‌లు ఆటోలోంచి దించుతుంటే నాకు అర్థమైపోయింది. 9వ తేదీ పొద్దున ఫ్లెక్సీ కట్టారు. అందులో కొట్టు పేరుకన్నా పెద్ద అక్షరాలతో ‘టీ 7 రూపాయలే’ అని ఉంది. నా దగ్గర టీ పది.

ఆ మొదటి రోజు గురించి చెప్పాలంటే, డబ్బు నష్టం కన్నా ముందు ఒకరకమైన సిగ్గు వేసింది. రోజూ పొద్దున్నే నాకు బోణీ చేసే ఆటో అబ్బాయిలు అటువైపు నిలబడి కప్పులు పట్టుకుని, నాకేసి చూడకుండా టీ తాగారు. ఒకరిద్దరు చూసి నవ్వారు కూడా. ఆ నవ్వుకు నేనూ నవ్వాలో, లోపలికి వెళ్లిపోవాలో తెలియలేదు. మా ఆయన మాత్రం ‘కొత్త కదా, వారం పోతే వాళ్లే వస్తారు’ అన్నాడు.

వారం పోయింది. అంతకుముందు రోజుకు దాదాపు 350 కప్పులు అమ్మే కొట్టు 210కి వచ్చింది.

ఈ లెక్క నాకు ఎలా తెలుసంటే, నేను కప్పులు లెక్కపెట్టను, పాలు లెక్కపెడతాను. లీటరు పాలకు అర లీటరు నీళ్లు కలిపి మరగబెడితే, ఆవిరి పోను, వడగట్టగా పోను, ఒలికిందీ రుచి చూసిందీ పోను నాకు ఇరవై కప్పులు వస్తాయి. ఎన్ని లీటర్లు అయ్యాయో చూస్తే ఎన్ని కప్పులు పోయాయో తెలిసిపోతుంది. పదిహేడున్నర లీటర్లు పోసే చోట పదిన్నర లీటర్లతో సరిపోతోంది. మిగిలిన పాలు సాయంత్రం ఇంటికి తీసుకెళ్లి తోడు వేశాం. మొదటి రెండు రోజులు ఇంట్లో పిల్లలు సంబరపడ్డారు, తరవాత పెరుగంటేనే మొహం తిప్పుకున్నారు.

రాత్రి మా ఆయనకూ నాకూ పెద్ద గొడవ అయింది. ఆయనది ఒకటే మాట: ‘వాడు ఏడైతే మనం ఆరు పెడదాం. నెల రోజుల్లో మూసుకుని పోతాడు.’ నేను పుస్తకం తీసి కూర్చున్నాను. లీటరు పాలు 58. అందులో వేసే టీ పొడి 16 రూపాయలది, చక్కెర ఐదున్నర, అల్లం యాలకులు మూడు. ఇరవై కాగితం కప్పులు పది రూపాయలు. గ్యాస్ సిలిండరు 1,850, అది ఐదారు రోజులు వస్తుంది, అంటే కప్పుకు రూపాయి పడుతుంది. ఇలా వేస్తే లీటరుకు 112 దాటింది. విరిగిన పాలూ చేజారిన కప్పులూ కలిపి 120 అనుకుందాం. అంటే కప్పు టీ నా చేతిలో తయారయ్యేసరికే ఆరు రూపాయలు. ఆరుకు అమ్మితే కుర్రాడి జీతం 400, అద్దె, కరెంటు కలిపి రోజుకు పడే 250 ఎక్కడి నుంచి తేవాలి? ఆయన ఏమీ మాట్లాడలేదు. కానీ ఆయన చెప్పిందాంట్లోనూ కొంత నిజముంది. ఏమీ చేయకుండా కూర్చుంటే జనం అటువైపు అలవాటు పడిపోతారు. చివరికి ఎనిమిదికి ఒప్పుకున్నాం. జూన్ 20 నుంచి బోర్డు మార్చాం.

జనం వచ్చారు. అబద్ధం చెప్పకూడదు, మూడో రోజుకే కొట్టు ముందు మళ్లీ సందడి వచ్చింది. ఆ వారం పదమూడున్నర లీటర్లు, అంటే 270 కప్పుల దాకా వెళ్లాం. కుర్రాడు హుషారుగా ఉన్నాడు, మా ఆయన ‘చూశావా’ అన్నాడు. ఆదివారం రాత్రి గల్లా పెట్టె లెక్క చూస్తే నాకు చెమట పట్టింది.

పది రూపాయల మీద 210 కప్పులు అమ్మిన రోజుల్లో కప్పుకు నాలుగు చొప్పున 840 వచ్చేది. ఖర్చులు 650 పోను 190 మిగిలేది. ఎనిమిదికి 270 కప్పులు అమ్మితే కప్పుకు రెండే, 540 వచ్చింది. ఖర్చులకు ఇంకా 110 మా జేబులోంచే వేశాం. కప్పులు పెరిగాయి, డబ్బు తగ్గింది. ధరలో రెండు రూపాయలు తగ్గించడమంటే ఐదో వంతు తగ్గించినట్టే కదా అనిపిస్తుంది. కానీ ఆ రెండూ నా లాభం లోంచి పోతాయి, పాలవాడు నా కోసం ఏమీ తగ్గించడు. పాత 350 కప్పులూ తిరిగి వచ్చినా నాకు మిగిలేది యాభై రూపాయలు. ముందు మిగిలిన 750 మళ్లీ చూడాలంటే రోజుకు 700 కప్పులు అమ్మాలి. ఆ వీధి మొత్తంలో అంత టీ తాగే జనం లేరు. ఉన్నా నా ఒక్క స్టవ్ మీద అంత కాయలేను. పొద్దున ఏడు నుంచి పది దాకానే అసలు అమ్మకం, ఆ మూడు గంటల్లో స్టవ్ ఎంత మండాలో అంతే మండుతుంది.

ఇంకోటి, మేం ఎనిమిది పెట్టిన నాలుగో రోజున ఎదురు కొట్టతను ఫ్లెక్సీ కింద కొత్తగా ఒక అట్ట వేలాడదీశాడు: ‘బిస్కెట్ ఉచితం’. అది చూశాక ఈ పోటీకి అడుగు లేదని అర్థమైంది.

ఇక్కడ చిల్లర సంగతి చెప్పాలి. పాత రోజుల్లో అయితే టీ ఏడు, ఎనిమిది అని ఎవరూ పెట్టేవాళ్లు కాదు, చిల్లర ఎక్కడ తెస్తారు? ఐదో, పదో. ఇప్పుడు అందరూ ఫోన్లో కొడుతున్నారు కాబట్టి రూపాయి తేడా కూడా ధర అయిపోయింది. ఎనిమిది పెట్టిన రోజుల్లో నగదు ఇచ్చేవాళ్ల కోసం నేను రూపాయి బిళ్లలు వెతుక్కున్నాను. పైగా ఆ సౌండ్ బాక్స్ ఒకటి. వీధి ఇరుకు, అతని బాక్స్ అరిచేది నాకు స్పష్టంగా వినిపించేది. ‘ఏడు రూపాయలు అందాయి’, ‘పద్నాలుగు రూపాయలు అందాయి’. టీ వడగడుతూ కూడా నా చెవి అటే ఉండేది. రాత్రి పడుకున్నా అదే గొంతు. ఒక దశలో నా బాక్స్ శబ్దం పెంచమని కుర్రాడికి చెప్పాను, ఎదురు కొట్టతనూ తనది పెంచాడు. రెండు రోజులకు పక్కనున్న టైలరు వచ్చి ‘ఇద్దరూ తగ్గించుకోండమ్మా, తల పగిలిపోతోంది’ అన్నాడు.

జూలై మొదట్లో మా చెల్లి తన చంటిదాన్ని తీసుకుని వచ్చింది. ఆ పాప పాలసీసా మీద మిల్లీలీటర్ల గీతలు ఉంటాయి కదా, దాన్ని చూడగానే నాకు ఆలోచన తట్టింది. కుర్రాణ్ని పంపి అవతలి కొట్టు నుంచి ఒక టీ తెప్పించాను. అతని కప్పు చూడటానికి నా కప్పులాగే ఉంటుంది, అంచు వెడల్పు, అడుగు మాత్రం సన్నం. సీసాలో పోస్తే గీత 42 దగ్గర ఆగింది. నా కప్పు పోస్తే 60 దగ్గర. ఇంకోసారి తెప్పించి చూశాం, అంతే. చెల్లి ఫోన్లో లెక్కేసింది: అతనిది ఏడు రూపాయలకు 42, నాది పదికి 60. ఇద్దరిదీ ఆరు మిల్లీలీటర్లకు రూపాయి. నెల రోజులుగా నేను ఎవరి చవక టీకి భయపడి నిద్ర మానుకున్నానో, ఆ టీ నా టీ కన్నా ఒక్క పైసా చవక కాదు! నేను ఎనిమిదికి ఇస్తున్నాను కాబట్టి అప్పటికి అతనే ఖరీదు.

నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. అతను చేసింది మోసమని నేను అనను. కప్పు చిన్నదని దాచలేదు, ఎవరూ అడగలేదు. తాగేవాడికి బోర్డు మీద అంకె కనబడుతుంది, కప్పులో గీతలు ఉండవు.

దాంతో అతని లెక్కా నాకు తెలిసిపోయింది. నా లీటరు పాలల్లో ఇరవై కప్పులొస్తే అతనికి దాదాపు ముప్పై వస్తాయి. కప్పుకు నాలుగు రూపాయల పైచిలుకు ఖర్చు, మూడుకు కాస్త తక్కువ మిగులు. నష్టానికి అమ్మడం లేదు. కానీ అతని కొట్టు షట్టరు కొట్టు, అద్దె నాకు రెట్టింపు పైనే. పనివాళ్లు ఇద్దరు. రోజుకు ఐదొందల కప్పులు పోతేగానీ అతనికి ఖర్చులు రావు. ఇద్దరికీ పాలు పోసేది ఒకే మనిషి. మాటల్లో ‘అటు ఎన్ని పోస్తున్నావు’ అంటే ‘పద్నాలుగు’ అన్నాడు. పద్నాలుగును ముప్పైతో గుణిస్తే 420. అంత జనం ఉండీ అతనూ మునుగుతున్నాడు.

ఆగస్టు 1న బోర్డు మళ్లీ మార్చాను. పెద్ద టీ పది, చిన్న టీ ఏడు. చిన్న కప్పులు అతను వాడేవే తెప్పించాను. బోర్డు మీద ఎంత రాసినా ఎవరూ చదవరని, గాజు మూత ఉన్న డబ్బా మీద రెండు కప్పులూ నీళ్లు నింపి పక్కపక్కన పెట్టాను. పొద్దున వచ్చేవాళ్లు అవి ఎందుకని అడిగేవాళ్లు. నేనేమీ చెప్పకుండా చిన్న కప్పులో నీళ్లు పెద్ద కప్పులోకి ఒంపి చూపించేదాన్ని. ముప్పావుకు కాస్త కిందే ఆగేవి. ఒక ఆటో అబ్బాయి ‘అంటే అన్నాళ్లూ మేం తాగింది ముప్పావు టీ కూడా కాదా అక్కా’ అన్నాడు. ఆ మాట ఆ రోజంతా స్టాండులో తిరిగింది.

అందరూ వచ్చేశారని కాదు. చిన్న టీ కావాలనేవాళ్లు నిజంగానే ఉన్నారు. రోజుకు ఆరేడుసార్లు తాగేవాళ్లకు చిన్నదే నయం. వాళ్లకు ఏడు రూపాయల టీ ఇచ్చినా నాకు దాదాపు మూడు రూపాయలు మిగులుతుంది, ఎనిమిదికి పెద్ద కప్పు ఇచ్చినప్పటికన్నా ఎక్కువ. నెలాఖరుకు రెండూ కలిపి 240 కప్పుల దగ్గర నిలబడ్డాం. జేబులోంచి వేయడం ఆగింది.

అయినా కొందరు రాలేదు. వాళ్లలో చాలామంది నా టీ బాగుంటుందని తెలిసినవాళ్లే, రోజూ పలకరించేవాళ్లే. ఎందుకు రావట్లేదో చాలా రోజులు అర్థం కాలేదు. ఒకరోజు ఖాతా పుస్తకం తిరగేస్తుంటే తెలిసింది. రాని వాళ్ల పేర్లన్నీ అందులో ఉన్నాయి. ఒకరు మూడొందలు, ఒకరు నాలుగొందల యాభై, ఒక సెంట్రింగ్ మేస్త్రీ తన మనుషులతో కలిపి పన్నెండొందలు. మొత్తం పదకొండు వేలకు పైగా బాకీ. ఎదురుగా కొట్టు లేనప్పుడు బాకీ ఉన్నవాడు వేరే దారి లేక నా దగ్గరికే వచ్చి, ఎప్పుడో ఒకప్పుడు కట్టేవాడు. ఇప్పుడు రోడ్డు దాటితే బాకీ లేని కొట్టు ఉంది. అతను ‘అప్పు లేదు’ అని బోర్డు పెట్టాడు కూడా, వాళ్లకు అదే హాయి. మనం అప్పు ఇస్తే మనిషి మన దగ్గర ఉంటాడనుకుంటాం. పోటీ వచ్చిన రోజున ముందుగా పోయేది ఆ అప్పున్నవాడే. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా ఆయన వెళ్లి అడుగుతానన్నాడు. వద్దన్నాను. కుర్రాడితో ఒక్కొక్కరికీ కబురు పెట్టాను: పాత బాకీ సంగతి ఇప్పుడు ఎత్తను, వచ్చి డబ్బిచ్చి టీ తాగండి, పాతది వీలైనప్పుడు కొంచెం కొంచెం ఇవ్వండి. పదిహేను రోజుల్లో సగానికి సగం మంది వచ్చారు. మేస్త్రీ మాత్రం రాలేదు, కానీ ఒక రోజు ఐదొందలు పంపించాడు.

అక్టోబరులో పాలు లీటరుకు రెండు రూపాయలు పెరిగాయి. నాకు కప్పుకు పది పైసలు తేడా, పట్టించుకోలేదు. అతనికి పడేది ఏడు పైసలే అయినా అవీ పెద్దవే, ఎందుకంటే మిగులే మూడు కన్నా తక్కువ. పైగా ఏడు అనే అంకె అతని ఫ్లెక్సీ మీద కొట్టు పేరుకన్నా పెద్దగా ఉంది. దాన్ని ఎనిమిది చేయాలంటే ఫ్లెక్సీ మార్చాలి, జనం ముందు ఓడినట్టు. కాబట్టి ధర అలాగే ఉంచి లోపల తగ్గించడం మొదలైంది. ముందు ఉచిత బిస్కెట్ పోయింది. తరవాత టీలోనే తేడా వచ్చింది. అతని టీ తాగి వచ్చినవాళ్లు ‘రంగు బాగానే ఉంది అక్కా, టీ లేదు’ అనేవాళ్లు. ఒక కప్పు తెప్పించుకుని చూస్తే తెలిసిపోయింది. వడగట్టిన పిప్పిని పారేయకుండా కొత్త నీళ్లలో మళ్లీ మరిగిస్తున్నారు. అలా చేస్తే రంగు నల్లగా దిగుతుంది, వాసన ఉండదు, మింగాక నాలుక పక్కల వగరు మిగులుతుంది. ఆ వగరు తెలియకుండా చక్కెర ఎక్కువ వేస్తారు. ఎక్కువ తియ్యగా ఉండి గొంతులో పట్టినట్టు ఉంటే అది పిప్పి టీ అని నా అనుభవం.

నాకు సంతోషం కలిగిందా అంటే, కలిగింది. కానీ ఎక్కువ రోజులు నిలవలేదు. ఎందుకంటే అతని దగ్గర నచ్చనివాళ్లు అందరూ నా దగ్గరికి రాలేదు. కొందరు అసలు ఈ వీధిలో టీ తాగడమే మానేసి స్టాండు అవతల మూల మీదకు వెళ్లారు.

నవంబరు రెండో వారం, చీకటి పడే వేళ. ఎదురు కొట్టు అబ్బాయి రోడ్డు దాటి నా కొట్టుకు వచ్చాడు. ఐదు నెలలుగా ఎదురెదురుగా ఉన్నా మాట్లాడుకోలేదు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, దగ్గరగా చూస్తే కళ్ల కింద నల్లగా ఉంది.

‘అక్కా, సిలిండర్ అయిపోయింది. వాళ్లు రేపు పొద్దున గానీ తేరట. మీ దగ్గర నిండుది ఉంటే ఇస్తారా, రేపే తెచ్చి పెడతాను.’

మా ఆయన నాకేసి చూశాడు. నేను ‘లోపల ఉంది, పట్టుకెళ్లు’ అన్నాను. ఎందుకిచ్చానంటే గొప్పతనమేమీ కాదు. గ్యాస్ అయిపోయి మరిగే పాలు అలాగే ఆగిపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం సిలిండరు తెచ్చి పెట్టి, టీ అడిగాడు. పెద్దదే. తాగుతూ ఉన్నట్టుండి అన్నాడు: ‘అక్కా, మీరు ఎనిమిది చేసినప్పుడు నేను చాలా భయపడ్డాను. మీరు ఇంకో నెల అలాగే ఉంటే ఆగస్టులోనే మూసేసేవాణ్ని.’

‘ఇంకో నెల ఉంటే నేనే మూసేదాన్ని’ అన్నాను.

అడ్వాన్సు కింద యాభై వేలు కట్టాడట, వడ్డీకి తెచ్చినవి. ఏడాది లోపల ఖాళీ చేస్తే అవి తిరిగి రావు. అందుకే లాభం లేకపోయినా తీస్తున్నాడు. ఇది నాకు కొత్త విషయం. అవతలివాడు నష్టపోతే వెళ్లిపోతాడని మా ఆయన లెక్క. అడ్వాన్సులో ఇరుక్కున్నవాడు వెళ్లలేడు, నష్టపోతూనే ఎదురుగా ఉంటాడు. పంతానికి అమ్ముతున్నాడని నేను అనుకున్న రోజుల్లో అతనికి మానే దారే లేదు.

ధరల గురించి మేం ఏమీ మాట్లాడుకోలేదు. కానీ డిసెంబరు 1న అతను పాత ఫ్లెక్సీ దించి కొత్తది కట్టాడు. అందులో కొట్టు పేరే ఉంది, అంకె లేదు. పెద్ద కప్పు తెచ్చి పది పెట్టాడు. పిప్పి మరిగించడం మానేశాడు, వాసన ఇటువైపు దాకా వస్తోంది. ఆటో స్టాండులో మాత్రం ‘ఆ రోజు సిలిండర్ ఇచ్చుకున్నారు కదా, అప్పుడే ఇద్దరూ కుమ్మక్కయ్యారు’ అని చెప్పుకుంటున్నారు. ఎంత చెప్పినా నమ్మరు. వాళ్ల వైపు నుంచి చూస్తే అదీ నిజంలాగే ఉంటుంది మరి, నిన్నటి దాకా ఏడుకు దొరికింది ఇవాళ పది అయింది.

ఇప్పుడు నాకు రోజుకు 240 కప్పులకు అటూ ఇటూ పోతున్నాయి, మిగిలేది రెండొందల చిల్లర. పాత 750 ఇక రాదని ఒప్పేసుకున్నాను. ఆ లోటు కోసం పక్కనున్న రెండు షాపులకూ ఒక బ్యాంకుకూ పదకొండు గంటలకు ఫ్లాస్కులో టీ పంపుతున్నాం. అక్కడ కప్పు ఎంత, చిన్నదా పెద్దదా అని అడిగేవాళ్లు లేరు, వేళకు రావాలి అంతే. మా ఆయనే తీసుకెళ్తాడు.

ఖాతా పుస్తకంలో నాలుగు వేల పైన ఇంకా వసూలు కాలేదు. కొత్తగా ఎవరికీ రాయడం లేదు. అతను కూడా ‘అప్పు లేదు’ బోర్డును ఎప్పుడో దీపావళి ముందే తీసేశాడట. నా దగ్గర బాకీ ఎగ్గొట్టి అటు వెళ్లినవాళ్లలో ఇద్దరు అతనికీ మూడేసి వందలు బాకీ పడ్డారని మొన్న చెప్పాడు.